‘నేను’ అని రాయలేనప్పుడు: ‘ఆమె’తో మొదలుపెట్టి ‘నువ్వు’ దాకా రాయడం ఎలా

“టీచరుగారూ, మీరు చెప్పారని నోట్‌బుక్ కొన్నాను. కూర్చున్నాను. ‘నేను’ అని రాశాక చెయ్యి కదల్లేదు.”

బాగా బాధపెట్టిన సంగతిని కాగితం మీద రాసుకోమని నేను చెప్పినవాళ్ళలో చాలామంది ఈ మాట నాకు ఫోన్లో చెప్పారు. ఒకరు తిత్లీ తుపాను రాత్రి గురించి రాయబోయి ఆగిపోయారు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున వాళ్ళ కొబ్బరితోటతో పాటు ఇంటి గోడ కూడా పడింది. ఇంకొకరు చనిపోయిన కొడుకు గురించి రాయబోయారు. అందరిదీ ఒకటే ప్రశ్న: ‘నేను’ అని రాయకుండా రాయొచ్చా? రాస్తే అది అబద్ధం కాదా?

రాయొచ్చు, అది అబద్ధం కాదు. జరిగింది ఏమీ మారదు, మీరు నిలబడి చూసే చోటు మాత్రం మారుతుంది. ఇది ఎలా చేయాలో ఒక్కొక్క మెట్టుగా చెప్తాను. ఉదాహరణకి నా సొంత విషయమే తీసుకుంటాను, ఇంకొకరి బాధని ముక్కలు చేసి చూపించడం నాకు ఇష్టం లేదు.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, కవిటి వైపు. మా నాన్నకి కిడ్నీలు పాడైతే వారానికి మూడు రోజులు డయాలసిస్‌కి సోంపేట తీసుకెళ్ళేదాన్ని. ఒక శనివారం పొద్దున్న ఆయన రానన్నారు. నేను ఒక మాట అన్నాను. ఆయన మారుమాట్లాడకుండా లేచి వచ్చారు. ఆదివారం తెల్లవారకముందే పోయారు. ఆ మాటే నేను ఆయనతో గట్టిగా అన్న ఆఖరి మాట. రెండేళ్ళు దాన్ని రాయలేకపోయాను.

ముందు రెండు ముక్కలు, ఇది ఎందుకు పనిచేస్తుందో

1986లో అచ్చయిన ఒక ప్రయోగంలో, జేమ్స్ పెన్నీబేకర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త కాలేజీ విద్యార్థుల చేత వాళ్ళ జీవితంలో బాగా బాధపెట్టిన సంగతిని రోజుకి 15 నిమిషాల చొప్పున వరసగా నాలుగు రోజులు రాయించాడు. రాసిన వెంటనే వాళ్ళ మనసు ఇంకా బరువెక్కింది. కానీ జరిగినదీ, దాని గురించి తమకి అనిపించినదీ రెండూ కలిపి రాసినవాళ్ళు ఆ తర్వాతి నెలల్లో కాలేజీ ఆసుపత్రికి వెళ్ళడం తగ్గింది. తర్వాత ఈథన్ క్రాస్, ఓజ్లెమ్ ఐదక్ అనే ఇద్దరు పరిశోధకులు ఇంకో సంగతి చూపించారు: జరిగినదాన్ని మన కళ్ళతో కాకుండా పక్కన నిలబడ్డ మనిషి కళ్ళతో తలచుకుంటే, అదే బాధలో మళ్ళీ మునిగిపోవడం తగ్గుతుంది. శాస్త్రం ఇంతవరకు చాలు.

ఈ ప్రయోగాలు ఇంగ్లీషులో జరిగినవి. ఇంగ్లీషులో సర్వనామం మారిస్తే దాదాపు పని అయిపోతుంది. తెలుగులో అలా కాదు. మన క్రియలోనే మనిషి దాక్కుని ఉంటాడు. అందుకే మూడో మెట్టు దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

కావలసినవి

ఒక నోట్‌బుక్, పెన్ను. ఫోన్లో 15 నిమిషాల అలారం. నాలుగు రోజులు, వీలైతే వరసగా. తలుపు వేసుకోగలిగిన చోటు. రాయడం అయ్యాక చేతులతో చేసే పని ఒకటి ముందే సిద్ధం చేసుకోండి: బట్టలు మడతపెట్టడం, చింతపండు గింజ తీయడం, మొక్కలకి నీళ్ళు పోయడం, ఏదైనా. నేను జీడిపిక్కలు ఏరేదాన్ని. రాసి లేవగానే ఫోన్ పట్టుకుంటే మనసు ఇంకా చెదురుతుంది. మీరు ఈ పని చేస్తున్నారని తెలిసిన మనిషి ఒకరు ఉండాలి. ఏం రాస్తున్నారో వాళ్ళకి చెప్పక్కర్లేదు, “ఈ నాలుగు రోజులూ సాయంత్రం ఒకసారి పలకరించు” అంటే చాలు.

రాత్రి పడుకునే ముందు రాయకండి. నిద్ర పట్టదు.

ఎవరు ఇప్పుడు మొదలుపెట్టకూడదు

జరిగి కొన్ని వారాలే అయితే ఆగండి. దినకార్యాలు, వచ్చేపోయే చుట్టాలు, ఆసుపత్రి కాగితాలు నడుస్తున్నప్పుడు రాయడం గాయాన్ని కెలకడమే అవుతుంది. కనీసం రెండు మూడు నెలలు పోనివ్వండి. హింస ఇంకా జరుగుతున్న ఇంట్లో ఉంటే కాగితం మీద పెట్టకండి. ఆ కాగితం ఎవరికి దొరికితే ఏమవుతుందో ముందు అది ఆలోచించండి.

బతకాలని లేదనే ఆలోచన వస్తుంటే ఈ పని పక్కన పెట్టి టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వ ఉచిత సేవ, తెలుగులో మాట్లాడతారు. రాస్తుండగా ఒళ్ళు మొద్దుబారినట్టు, గది దూరంగా జరిగిపోతున్నట్టు అనిపిస్తే ఆ క్షణమే పెన్ను పెట్టెయ్యండి. ‘ఇది రాస్తే నేను తట్టుకోలేను’ అని మీకు అనిపించిన విషయాన్ని రాయకండి. ఈ నియమం పెన్నీబేకర్ కూడా చెప్పినదే. ఇంకో విషయం ఎంచుకోండి, లేదా అదే విషయంలో ఇంకో గంట ఎంచుకోండి.

1. పది నిమిషాల ముక్క కోసుకోండి

“నాన్న పోవడం” అనేది రాయడానికి కుదిరే విషయం కాదు. అది మూడేళ్ళ జబ్బు, ఆసుపత్రులు, అప్పులు, అన్నీ కలిసిన ముద్ద. “ఆ శనివారం పొద్దున్న గుమ్మం దగ్గర, ఆటో హారన్ కొట్టినప్పటినుంచి ఆయన లేచేదాకా” అంటే రాయడానికి కుదురుతుంది.

మీది ఏ ముక్కో ఎలా తెలుస్తుంది? పనిలో ఉండగా, బస్సులో ఉండగా పిలవకుండానే మనసులోకి వచ్చేది ఏదో ఒక బొమ్మ ఉంటుంది. అదే. తుపాను రాత్రి గురించి అడిగిన ఆయనకి గోడ కూలడం కాదు, కూలే ముందు టార్చిలైటు దొరక్క వెతికిన రెండు నిమిషాలు తిరిగి తిరిగి వచ్చేవి. ఆయన అదే రాశారు.

పేజీ పైన ఆ ముక్క మొదలు, చివర రెండూ రాసుకోండి. దాని పక్కన, ఇప్పుడు తలచుకుంటే ఎంత మండుతోందో పదికి ఒక అంకె వేయండి. నేను మొదటి రోజు 9 వేశాను.

2. నిలబడే చోటు, పిలిచే పేరు

రాయడానికి ముందు ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని, ఆ దృశ్యాన్ని ఎక్కడ నిలబడి చూస్తారో తేల్చుకోండి. గాల్లో కాదు, నిజంగా ఉన్న చోటు. నాకు మా ఎదురింటి అరుగు. అక్కణ్ణుంచి మా గుమ్మం, ఆటో, మేమిద్దరం కనిపిస్తాం. మాటలు వినిపిస్తాయి, కానీ లోపలి గది కనపడదు. ఈ హద్దు మంచిది. కనపడనిది రాయనవసరం లేదు.

తర్వాత, ఆ మనిషిని ఏమని పిలవాలి? దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. తెలుగులో మూడో మనిషిని ప్రస్తావించగానే మర్యాద ఎంతో తేలిపోతుంది. ‘అది’ అంటే ఒకటి, ‘ఆ గుంట’ అంటే ఒకటి, ‘ఆమె’ అంటే ఒకటి. మగవాళ్ళకి ‘వాడు’, ‘అతను’, ‘ఆయన’. తమ మీద తమకే కోపం ఉన్నవాళ్ళు తెలియకుండానే ‘అది’ అనో ‘వాడు’ అనో మొదలుపెడతారు. అలా మొదలైతే రాసినదంతా తిట్టుగా మారుతుంది. మీ మేలు కోరే బంధువు పదిమందిలో మిమ్మల్ని ఎలా ప్రస్తావిస్తారో ఆ మాట తీసుకోండి. నేను ‘ఆమె’ తీసుకున్నాను. చిన్నప్పటి సంగతి రాస్తుంటే ‘ఆ గుంట’ బాగుంటుంది, మన వైపు ఆ మాటలో ముద్దు ఉంది.

సర్వనామం పరాయిగా అనిపిస్తే మీ పేరే వాడండి, లేదా ఇంట్లో పిలిచే ముద్దుపేరు. ‘తను’ మాత్రం మొదటి రోజు వద్దు. అది మరీ దగ్గరగా ఉంటుంది, రెండు వాక్యాలు దాటకుండా ‘నేను’లోకి జారిపోతుంది.

3. మొదటి రోజు: ‘ఆమె’, జరిగినది మాత్రమే

అలారం పెట్టి 15 నిమిషాలు ఆగకుండా రాయండి. అక్షరదోషాలు, అందం పట్టించుకోవద్దు. ‘అనిపించింది’లు ఇవాళ తక్కువగా ఉంచండి. అరుగు మీంచి కనిపించినది, వినిపించినది రాయండి. భూతకాలంలోనే రాయండి: ‘లేచింది’, ‘అంది’. ‘లేస్తోంది’, ‘అంటోంది’ అని వర్తమానంలో రాస్తే దృశ్యం మీద మీదకి వస్తుంది.

నేను మొదటి రోజు రాసినది ఇలా మొదలైంది:

“ఆమె మూడున్నరకే లేచింది. అన్నం వండి బాక్సులో పెట్టాను. మా వీధి మొదట్లో ఆటో ఆగి హారన్ కొట్టింది. నాన్న ఈ గుమ్మంలోనే కూర్చుని ఉన్నాడు. చాలా కోపం వచ్చింది.”

‘ఆమె’ అని మొదలుపెట్టాను గదా, దూరంగా రాస్తున్నాననే అనుకున్నాను. మర్నాడు ఎర్ర పెన్ను తీసుకుని చూస్తే ఐదు వాక్యాల్లో ఐదు చోట్ల నేనే ఉన్నాను.

‘పెట్టాను’: క్రియ చివర ‘ను’. తెలుగులో ‘నేను’ అనే మాట లేకపోయినా ఆ ‘ను’ చాలు. అందుకే రాసినదాన్ని సరిచూసేటప్పుడు ‘నేను’ కోసం వెతకడం దండగ. ప్రతి వాక్యం చివరి అక్షరం చూసుకుంటూ వెళ్ళండి. మన మాటల్లో ‘వచ్చినాను’, ‘సేసీసినాను’ అని రాసేవాళ్ళకి కూడా ఇదే గుర్తు.

‘మా వీధి’: ‘మా’, ‘మన’, ‘నా’ అన్నీ మిమ్మల్ని ఇంట్లోకి లాగేస్తాయి. ‘వాళ్ళ వీధి’ కావాలి.

‘నాన్న’: ఇది అందరూ చేసే పొరపాటు. ముందు ఏ మాటా లేకుండా ‘నాన్న’, ‘అమ్మ’, ‘అన్నయ్య’ అంటే తెలుగులో అది రాసేవాళ్ళ నాన్నే, రాసేవాళ్ళ అమ్మే. ‘వాళ్ళ నాన్న’ అని రాయాలి. మొదటిసారి రాయడం కష్టంగా ఉంటుంది, ఆయన్ని పరాయి మనిషిని చేసినట్టు ఉంటుంది. నాకు చెయ్యి వణికింది. కానీ ఆ ‘వాళ్ళ’ రాశాకే ఎదురుగా ఒక కూతురు, ఒక ముసలాయన కనిపించారు.

‘ఈ గుమ్మం’: ‘ఈ’, ‘ఇక్కడ’, ‘ఇలా’, ‘ఇప్పుడు’ రాసేవాళ్ళ పక్కన ఉండే మాటలు. వాటిని ‘ఆ’, ‘అక్కడ’, ‘అలా’, ‘అప్పుడు’ చేయండి.

‘చాలా కోపం వచ్చింది’: ఎవరికి? చెప్పకపోతే అది నాకే. కోపం, భయం, ఏడుపు, ఆకలి, ఇవన్నీ తెలుగులో ‘నాకు వచ్చింది’, ‘ఆమెకి వచ్చింది’ అనే తీరులో ఉంటాయి. క్రియ మారదు కాబట్టి చివరి అక్షరం చూసినా దొరకవు. ఇలాంటి ప్రతి వాక్యానికీ ‘ఎవరికి’ అని అడిగి చూడండి.

సరిచేశాక:

“ఆమె మూడున్నరకే లేచింది. అన్నం వండి బాక్సులో పెట్టింది. వాళ్ళ వీధి మొదట్లో ఆటో ఆగి హారన్ కొట్టింది. వాళ్ళ నాన్న ఆ గుమ్మంలోనే కూర్చుని ఉన్నాడు. ఆమెకి చాలా కోపం వచ్చింది.”

దిద్దకూడనివి రెండున్నాయి. ఒకటి, ఆ రోజు నోటితో అన్న మాటలు. వాటిని అన్నవి అన్నట్టే, యాసతో సహా, కొటేషన్లలో ఉంచండి. మా నాన్న అన్నది: “ఈయేల నాను రాలేనమ్మా. ఒక్కపాలికి మానీద్దాం.” నేను అన్నది: “నీకేటి నాన్నా, లోపల పడుకుంటావు. బయట నాలుగ్గంటలు నిలబడీది నేను.” ఈ మాటల్ని పుస్తకభాషలోకి మారిస్తే అవి ఇంకెవరో అన్నవి అయిపోతాయి. రెండోది, ‘వస్తానంది’, ‘చూస్తానన్నాడు’ లాంటివి. వాటి మధ్యలో ‘ను’ ఉన్నా అది చెప్పిన మనిషిది, మీది కాదు. ‘వస్తుందంది’ అని దిద్దితే వచ్చేది ఇంకెవరో అనే అర్థం వస్తుంది.

ఈ దిద్దుబాటు రాసిన రోజే చేయకండి. మర్నాడు, రెండో రోజు రాత మొదలుపెట్టే ముందు చేయండి. వేడి మీద రాసినదాన్ని మర్నాడు వాక్యం చివరలు చూసుకుంటూ చదవడంలోనే సగం దూరం వస్తుంది. వ్యాకరణం చూసే కన్ను ఏడ్చే కన్ను కాదు. ఇది నేను తెలుగు చెప్పే మనిషిని కాబట్టి అంటున్న మాట కాదు, చేసి చూడండి.

4. రెండో రోజు: ‘ఆమె’, ఎందుకు

అదే ముక్కని మళ్ళీ మొదటినుంచి రాయండి. నిన్నటిది చూసి ఎక్కించవద్దు. ఈసారి ప్రతి పనికీ కారణం అడగండి: ఆమె ఎందుకు అలా అంది? అప్పటికి ఆమెకి ఏం తెలుసు? ఏం తెలియదు?

నేను ఇక్కడ రాసిన ముక్క:

“ఆ మంగళవారం జ్వరమని మానేశారు. గురువారం వెళ్ళేసరికి ఆయన పాదాలు ఉబ్బి చెప్పు పట్టడం లేదు, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. డయాలసిస్ మానేస్తే ఒంట్లో నీరు చేరుతుందని నర్సు ఆమెకి చెప్పింది. శనివారం ఆయన మళ్ళీ మానేద్దామన్నప్పుడు ఆమె ఆయన పాదాల వైపే చూసింది. ఆమెకి భయం వేసింది. భయమని చెప్తే ఆయన భయపడతాడని కోపంగా అంది.”

రెండేళ్ళు నేను ఆ మాటని ‘విసుగు’ అనే పేరుతో మోశాను. ఎదురింటి అరుగు మీద నిలబడితే కానీ ఆ పాదాలు కనపడలేదు. విసుగు కూడా ఉంది, నేను దాన్ని కొట్టేయలేదు. దాని కింద భయం ఉంది.

ఇక్కడ మూడు పొరపాట్లు జరుగుతాయి.

ఒకటి, పేపర్లో వార్తలా అయిపోవడం. “ఓ మహిళ తన తండ్రిని ఆసుపత్రికి తరలించింది” అని వచ్చిందంటే మీరు అరుగు మీంచి దిగి ఊరు దాటిపోయారు. అంత దూరం నుంచి ఏమీ కనపడదు. దీనికి మందు: ప్రతి నాలుగైదు వాక్యాలకి ఒకసారి ఆ మనిషి ఒంట్లో ఏమయిందో ఒకటి రాయండి. చేతిలో టిఫిన్ బాక్సు వేడిగా ఉంది, గొంతు ఆరిపోయింది, ఇలాంటివి.

రెండు, అవతలి మనిషి మనసులోకి దూరడం. “ఆయన మనసు విరిగిపోయింది” అని నేను రాశాను. తర్వాత కొట్టేశాను. అది నాకు కనపడలేదు. కనపడినది ఇది: ఆయన తువ్వాలు భుజాన వేసుకున్నాడు, ఎడమ చెయ్యి గోడకి ఆనించి లేచాడు. కనపడినదే రాయండి, తీర్పు అక్కర్లేదు.

మూడు, కథ కట్టడం. రాసే చెయ్యి ఉన్నవాళ్ళకి ఇది పెద్ద ప్రమాదం. వాన పడకపోయినా వాన పెడతాం, ఆయన చేత ఆఖరి మాట పలికిస్తాం. ఒక్క కల్పన చేరినా ఆ రాత మీకు పనికిరాదు, ఎందుకంటే లోపలి మనిషికి అది జరగలేదని తెలుసు. గుర్తులేనిచోట ‘గుర్తులేదు’ అని రాయండి.

5. మూడో రోజు: ‘నువ్వు’

ఇప్పుడు అరుగు దిగి, వీధి దాటి, ఆమె దగ్గరికి వెళ్ళి మాట్లాడడం. ఇవాళ్టి మీరు ఆ రోజటి మీతో మాట్లాడాలి. ‘మీరు’ వద్దు. ‘మీరు’ అంటే పది వాక్యాల్లో ఉపన్యాసం అయిపోతుంది: “ఇలాంటి సమయంలో మీరు ధైర్యంగా ఉండాలి” అని.

నన్నడిగితే ‘నువ్వు’ అనేది ‘ఆమె’ కంటే ప్రమాదం. పుస్తకాల్లో రెంటినీ దూరం పెంచేవే అంటారు. నిజమే, కానీ మన ఇళ్ళల్లో ‘నువ్వు’ ఎప్పుడు వింటాం? “నువ్వే కదా చేశావు”, “నువ్వుండి కూడా ఇలా అయిందా” అన్నప్పుడు. ఆ గొంతు మనకి బాగా అలవాటు. అందుకే దీన్ని మొదటి రోజు పెట్టలేదు. రెండు రోజులు ‘ఆమె’ని చూశాక కానీ ‘నువ్వు’ మెత్తగా రాదు.

మూడు కట్టుబాట్లు పెట్టుకోండి. ‘ఎందుకు చేశావు’ అనే ప్రశ్న ఒక్కటీ ఉండకూడదు. ‘చేయాల్సింది’, ‘ఉండాల్సింది’ ఉండకూడదు. మొదటి ఐదు వాక్యాలు ఆ రోజు ఆమె చేసిన పనులే అయ్యుండాలి.

“నువ్వు మూడున్నరకి లేచావు. ఆయనకి బాక్సు పెట్టావు, నీకు పెట్టుకోలేదు. ఆ మాట అన్నావు. అన్నాక ఆటోలో ఆయన పక్కనే కూర్చున్నావు. ఆయన ఎడమ మణికట్టు మీద, ఫిస్టులా వేసిన చోట, రెండు వేళ్ళు ఆనించావు. చర్మం కింద రక్తం జుమ్మని పారుతుంటే సోంపేట దాకా వేళ్ళు తియ్యలేదు.”

ఈ ఆఖరి సంగతి నాకు రెండేళ్ళుగా గుర్తు లేదు. ఫిస్టులా అంటే డయాలసిస్ కోసం చేతిలో రక్తనాళాలని కలిపి కుట్టిన చోటు. అది బాగా పనిచేస్తోందా లేదా అని ఆ జుమ్మనడం రోజూ వేలితో చూసుకోమని చెప్తారు, అందుకని నేను అది ఎప్పుడూ చేసేదాన్నే. ఆ రోజు కూడా చేశానని ‘నువ్వు’ అని రాస్తుంటే గుర్తొచ్చింది.

మూడు వాక్యాలు దాటకుండానే గొంతు తిట్టులోకి మారిపోతే ఆ రోజుకి ‘నువ్వు’ మానేసి మళ్ళీ ‘ఆమె’కి వెళ్ళిపోండి. అది ఓటమి కాదు. కొంతమంది నాలుగు రోజులూ ‘ఆమె’లోనే ఉంటారు, వాళ్ళకి అదే సరి. వేరే దారి కూడా ఉంది: మాట్లాడే మనిషిని మార్చండి. ‘నువ్వు’ అనేది మీరు కాకుండా మీ పిన్నో, మేనత్తో, ఒక మంచి పొరుగామో అనుకుని వాళ్ళ గొంతుతో, వాళ్ళ యాసతో రాయండి.

6. నాలుగో రోజు: కావాలంటే ‘నేను’

చివరి రోజు ఒక్క పేరా ‘నేను’తో రాసి చూడండి. వచ్చినంతవరకే. రాకపోతే ‘ఆమె’తో ఆ ముక్క తర్వాతి గంట రాయండి.

అది తప్పనిసరి కాదు. కానీ ఇక్కడ ‘నేను’ వచ్చిందంటే అది మొదటి రోజు ఆగిపోయిన ‘నేను’ కాదు, ఈసారి దానికి చుట్టూ ఉన్నవి కనపడతాయి.

రాయడం రానివాళ్ళు, చెయ్యి ఆడనివాళ్ళు

ఫోన్లో రికార్డు చేయండి. పద్ధతి అదే, 15 నిమిషాలు, ‘ఆమె’, ‘వాళ్ళ నాన్న’. మాట్లాడేటప్పుడు ‘నేను’లోకి ఎక్కువ జారతాం, ఫర్వాలేదు, మర్నాడు వింటూ ఎక్కడెక్కడ జారామో వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటే చాలు. ఇంట్లో ఎవరి చేతా రాయించుకోవద్దు, వాళ్ళు వింటున్నారనేసరికి మాట మారిపోతుంది.

పనిచేసిందో లేదో చూసుకోవడం

రాసి లేవగానే చూడకండి. ఆ గంటలో అంకె పెరగడం మామూలే, నాది రెండో రోజు 9 నుంచి 10కి వెళ్ళింది. మర్నాడు పొద్దున్న ఒకసారి, నాలుగు రోజులూ అయ్యాక వారానికి ఒకసారి వేయండి. వారం తర్వాత కూడా మొదటి అంకె కంటే పైనే ఉండి, నిద్ర, తిండి చెడితే ఈ పని మీకు ఇప్పుడు సరిపడలేదని. ఆపేసి ఒక మానసిక వైద్యుణ్ణో, కౌన్సెలర్నో కలవండి.

అంకె కంటే నేను నమ్మే గుర్తులు రెండు. మొదటి రోజు పేజీ, చివరి రోజు పేజీ పక్కపక్కన పెట్టి ‘అందుకని’, ‘కాబట్టి’, ‘ఎందుకంటే’, ‘అప్పటికి తెలియదు’ లాంటి మాటలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. రోజురోజుకీ అవి పెరిగినవాళ్ళకి రాయడం ఎక్కువ మేలు చేసిందని పెన్నీబేకర్ తర్వాత చేసిన పనిలో తేలింది. నా మొదటి పేజీలో ఒక్కటీ లేదు, నాలుగోదాంట్లో ఏడున్నాయి. రెండోది, మొదటి రోజు లేని కొత్త వస్తువు ఏదైనా తర్వాతి పేజీల్లోకి వచ్చిందా? ఆ పాదాలు, ఆ మణికట్టు లాంటిది. నాలుగు రోజులూ అవే వాక్యాలు అదే వరసలో వస్తే మీరు రాయడం లేదు, అరిగిన రికార్డు తిరుగుతోంది. ఐదో రోజు కూడా అదే చేస్తే లాభం లేదు. ముక్క మార్చండి, ఒక గంట వెనక్కి జరపండి.

నాలుగు రోజులతో ఆపండి. కావాలంటే నెల తర్వాత మళ్ళీ. రోజూ అదే తెరిచి కూర్చుంటే దూరం తీసుకున్న పనంతా వెనక్కి పోతుంది.

కాగితాలు ఏం చేయాలని కూడా అడుగుతారు. చింపెయ్యొచ్చు, కాల్చొచ్చు, దాచుకోవచ్చు. ఎవరికీ చూపించక్కర్లేదు. చూపించాలనుంటే, మూడు నెలలాగి, ఆ సంఘటనలో ఉన్న మిగతావాళ్ళ పేర్లు తీసేసి అప్పుడు చూపించండి. నేను మొదటి మూడు రోజులవి చింపేశాను. నాలుగోది మా నాన్న డయాలసిస్ పుస్తకంలోనే పెట్టాను. దాంట్లో ఆఖరి పేరా ఇది:

“నేను ఆ మాట అన్నాను. ఆటో కదిలాక నాన్న మణికట్టు పట్టుకున్నాను. సోంపేట వచ్చేదాకా ఆయన చెయ్యి తీసుకోలేదు.”